పీఎన్‌ఆర్ వచ్చినంత మాత్రాన టికెట్ వచ్చినట్టు కాదు

2023 ఆగస్టులో ఒక తెల్లవారుజామున మా బావ శంషాబాద్ విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ ముందు నిలబడి నాకు ఫోన్ చేశారు. ఆయన దోహాలో క్రేన్ ఆపరేటర్‌గా పనిచేస్తారు. రెండేళ్లకోసారి సెలవు మీద నల్గొండకు వచ్చి, పట్టణంలోనే ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర తిరుగు ప్రయాణానికి టికెట్ కొంటారు. ఆ రోజు చేతిలో ఉన్న కాగితం మీద ఆయన పేరు, విమానం నంబరు, తేదీ, ఆరక్షరాల పీఎన్‌ఆర్ అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ కాగితం చూపించే ఆయన టెర్మినల్ లోపలికి కూడా వెళ్లారు. కౌంటర్‌లోని అమ్మాయి మాత్రం స్క్రీన్ చూసి, "ఈ పీఎన్‌ఆర్ మీద బుకింగ్ ఉండేది సార్, చాలా రోజుల కిందనే క్యాన్సిల్ అయింది. దీని మీద టికెట్ అసలు ఇష్యూ కాలేదు" అని చెప్పింది. ఏజెంటుకు మొత్తం డబ్బు, అంటే 26,500 రూపాయలు, మూడు వారాల ముందే ముట్టింది.

ఇందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం ఒకటుంది. మా బావ అజాగ్రత్తగా ఉండే మనిషి కాదు. డబ్బు కట్టే ముందు ఆయన ఆ పీఎన్‌ఆర్‌ను విమాన సంస్థ వెబ్‌సైటులో తానే కొట్టి చూసుకున్నారు. పేరు వచ్చింది, విమానం వచ్చింది, పక్కన 'కన్‌ఫర్మ్‌డ్' అన్న మాట కూడా వచ్చింది. మన ఊళ్లలో "పీఎన్‌ఆర్ చెక్ చేసుకో, కనిపిస్తే టికెట్ అసలుదే" అని ఒకరికొకరు చెప్పుకునే సలహాను ఆయన అక్షరాలా పాటించి మోసపోయారు. అందుకే ఆ సలహా తప్పని నేను వాదిస్తున్నాను. రైలు టికెట్ల అలవాటుతో మనం పీఎన్‌ఆర్‌నే టికెట్ అనుకుంటున్నాం. రైల్వేలో డబ్బు కట్టిన తర్వాతనే పీఎన్‌ఆర్ పుడుతుంది కాబట్టి అక్కడ ఆ నమ్మకానికి ఆధారముంది. విమానాల్లో, ముఖ్యంగా గల్ఫ్‌కు నడిచే పెద్ద సంస్థల్లో, పీఎన్‌ఆర్ ముందు పుడుతుంది, టికెట్ తర్వాత పుడుతుంది, రెండింటి నడుమ కొన్ని గంటలో కొన్ని రోజులో ఎడం ఉంటుంది. మోసమైనా, పొరపాటైనా, మాట తప్పడమైనా జరిగేది ఎక్కువగా ఆ ఎడంలోనే.

ఆ ఎడాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఏజెంటు తన కంప్యూటరులో మన పేరు, ప్రయాణ తేదీ ఎక్కించి సీటు అడిగినప్పుడు విమాన సంస్థ ఒక సీటును మన పేరు మీద పక్కన పెట్టి పీఎన్‌ఆర్ ఇస్తుంది. దీనికి ఏజెంటు ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు. పెళ్లి ముహూర్తం అనుకోగానే ఫంక్షన్ హాలుకు ఫోన్ చేసి, వాళ్ల డైరీలో ఆ తేదీ మీద మన పేరు పెన్సిలుతో రాయించుకోవడం వంటిదే ఇది. డైరీలో పేరుంటుంది, కానీ అడ్వాన్సు రసీదు తెగేదాకా హాలు మనది కాదు. ఏజెంట్ల భాషలో దీన్ని హోల్డ్ అంటారు. వారి స్క్రీన్ మీద ఆ సీటు పక్కన HK అనే రెండక్షరాలు వస్తాయి, అంటే సీటు ఖాయంగా పట్టి ఉంచారని అర్థం. వెబ్‌సైటులో మనకు కనిపించే 'కన్‌ఫర్మ్‌డ్' అనే మాటకు మూలం అదే. సీటు దొరికిందని అది చెబుతుందే తప్ప డబ్బు కట్టారని చెప్పదు. ప్రతి హోల్డ్‌కూ ఒక గడువు ఉంటుంది. ఛార్జీ రకాన్ని బట్టి అది కొన్ని గంటలు కావచ్చు, రెండు మూడు రోజులు కావచ్చు. గడువులోగా టికెట్ తీయకపోతే కంప్యూటరే ఆ బుకింగ్‌ను కొట్టేస్తుంది. మనకు ఏ కబురూ రాదు, ఎందుకంటే ఆ బుకింగ్‌లో సాధారణంగా ఉండేది ఏజెంటు ఫోన్ నంబరే, ఏజెంటు ఈమెయిలే.

టికెట్ అనేది వేరే. ఏజెంటు గాని, ఆయన వెనుక ఉన్న పెద్ద ఏజెన్సీ గాని డబ్బు కట్టగానే ఆ పీఎన్‌ఆర్‌కు 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఒకటి జతపడుతుంది. అందులో మొదటి మూడంకెలు టికెట్ జారీ చేసిన విమాన సంస్థవి. ఎయిర్ ఇండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, ఖతార్ ఎయిర్‌వేస్‌కు 157, ఎతిహాద్‌కు 607, సౌదియాకు 065. మిగిలిన పదంకెలు ఆ టికెట్‌కే ప్రత్యేకమైనవి. ఏజెంటు ఇచ్చే కాగితం మీద ఇది చాలాసార్లు ETKT అన్న అక్షరాల పక్కన ఉంటుంది. మా బావ కాగితాన్ని తర్వాత తీరుబడిగా చూస్తే పేరు, తేదీ, సామాను బరువు, భోజనం వివరం కూడా ఉన్నాయి గాని, ఆ 13 అంకెలు మాత్రం ఎక్కడా లేవు. లేని దాన్ని గమనించడం కష్టం, అది ఉండాలని ముందే తెలిసినవారికి తప్ప. కాబట్టి ఏజెంటు ముందు కూర్చున్నప్పుడు అడగవలసిన మొదటి మాట "పీఎన్‌ఆర్ వచ్చిందా?" అన్నది కాదు, "టికెట్ నంబరు వచ్చిందా?" అన్నది.

అయితే కాగితం మీద 13 అంకెలు కనిపించినా అంతటితో సరిపెట్టుకోకూడదు. కాగితం ఏజెంటు కంప్యూటరు నుంచి వచ్చింది. పాత ప్రయాణికుడి కాగితంలో పేరు మార్చి ముద్రించడం పెద్ద పని కాదు. కాగితానికి, ఫొటోకు, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌కు సాక్ష్యంగా విలువ లేదు, విమాన సంస్థ రికార్డు ఒక్కటే సాక్ష్యం. ఆ రికార్డును మన ఫోనులో, మనమే టైపు చేసిన చిరునామాతో తెరిచి చూడాలి. ఏజెంటు పంపిన లింకు నొక్కి చూడటం గాని, ఆయన కాగితం మీద అచ్చయిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయడం గాని చూసినట్టు కాదు. వెబ్‌సైటులో 'మేనేజ్ బుకింగ్' అనే చోట పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొడితే బుకింగ్ తెరుచుకుంటుంది. తెరుచుకున్న తర్వాత వెతకవలసింది 'కన్‌ఫర్మ్‌డ్' అన్న మాటను కాదు, టికెట్ నంబరును, లేదా ఈ-టికెట్ రసీదును మన ఈమెయిలుకు పంపించుకునే వీలును. హోల్డ్‌లో ఉన్న బుకింగ్ అయితే చాలా వెబ్‌సైట్లలో డబ్బు కట్టమనో, టికెట్ ఇంకా జారీ కాలేదనో సూచన ఉంటుంది. కొన్నింటిలో అదీ ఉండదు, ప్రయాణ వివరాలు మాత్రం చూపించి ఊరుకుంటాయి. బావ విషయంలో జరిగింది అదే.

ఒక్కోసారి సరైన పీఎన్‌ఆర్ కూడా వెబ్‌సైటులో తెరుచుకోదు. దాన్ని చూసి వెంటనే మోసమని తేల్చకూడదు. ఏజెంట్లు వాడే అమెడియస్, గెలీలియో వంటి బుకింగ్ వ్యవస్థలు తమ సొంత ఆరక్షరాల సంకేతం ఒకటి ఇస్తాయి, విమాన సంస్థ తన సంకేతం మరొకటి ఇస్తుంది. కాగితం మీద మొదటిది అచ్చయి ఉంటే అది విమాన సంస్థ సైటులో పని చేయకపోవచ్చు. "ఎయిర్‌లైన్ పీఎన్‌ఆర్ ఇవ్వండి" అని అడిగితే నిజాయితీగల ఏజెంటు అర నిమిషంలో ఇస్తాడు.

వెబ్‌సైటు స్పష్టంగా చెప్పనప్పుడు విమాన సంస్థ కాల్ సెంటరే దారి. నంబరు వారి సైటు నుంచే తీసుకోవాలి, ప్రయాణికుడే మాట్లాడాలి. అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ పీఎన్‌ఆర్‌కు టికెట్ జారీ అయిందా, అయితే దాని స్టేటస్ ఏమిటి? ఈ స్టేటస్ సంగతి తెలిసినవారు తక్కువ. ప్రతి టికెట్‌లోనూ ఒక్కో విమాన ప్రయాణానికి ఒక్కో కూపన్ ఉంటుంది, ప్రతి కూపన్‌కూ ఒక స్థితి ఉంటుంది. OPEN అంటే ప్రయాణానికి సిద్ధంగా ఉందని. VOID అంటే టికెట్‌ను రద్దు చేసి లేనట్టే చేశారని. REFUNDED అంటే డబ్బు వెనక్కి తీసుకున్నారని. రానుపోను టికెట్ కొన్నప్పుడు రెండు కూపన్ల స్థితినీ విడివిడిగా అడగాలి, ఎందుకంటే పోయేది OPENగా ఉండి, తిరిగి వచ్చేది అసలు టికెట్‌లోనే లేని సందర్భాలు ఉంటాయి. దుబాయికి విజిట్ మీద వెళ్లేవారికి వీసా కోసమో, ఇమ్మిగ్రేషన్ కోసమో చూపడానికని తిరుగు ప్రయాణం పీఎన్‌ఆర్ ఒకటి ఉత్త హోల్డ్‌గా పెట్టి, దాన్ని కూడా టికెట్ అనే పేరుతోనే చేతిలో పెట్టే అలవాటు కొందరు ఏజెంట్లకు ఉంది. వాళ్లలో వాళ్లు దాన్ని డమ్మీ టికెట్ అంటారు. కొనేవాడికి మాత్రం ఆ మాట చెప్పరు.

ఇక VOID గురించి. ఈ మొత్తం వ్యవహారంలో కొనేవాడికీ అమ్మేవాడికీ అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదేనని నా అభిప్రాయం. పెద్ద విమాన సంస్థల టికెట్‌ను ఏజెంటు తీసిన రోజునే, సాధారణంగా ఆ అర్ధరాత్రి లోపల, వాయిడ్ చేసుకోవచ్చు. అలా చేస్తే విమాన సంస్థ మామూలు రద్దు రుసుము కోయదు, పైనున్న ఏజెన్సీ తీసుకునే చిన్న మొత్తం తప్ప డబ్బంతా ఏజెంటుకు తిరిగి వస్తుంది. పేరు తప్పుపడటం, తేదీ తప్పుపడటం వంటి పొరపాట్లు దిద్దుకోవడానికి పెట్టిన సదుపాయమిది. కొనేవాడికి ఇది ప్రమాదం: సాయంత్రం ఐదింటికి మనం కళ్లారా చూసిన OPEN టికెట్ రాత్రి పదింటికి VOID కావచ్చు. అందుకే టికెట్ తీసిన రోజు చూసినది సగం పరిశీలనే అవుతుంది, మరునాడు పొద్దున చూసినదే పూర్తి పరిశీలన.

అదే సదుపాయం కొనేవాడి వాదనకు బలం కూడా. మన పట్టణాల్లో ఏజెంట్లందరూ చెప్పే మాట ఒకటుంది: "మొత్తం పైసలు కడితేనే టికెట్ తీస్త అన్నా, తీసినంక నువ్వు రాకపోతే నా పైసలు పోతయి." ఈ మాటలో న్యాయం ఉన్నట్టే అనిపిస్తుంది. మొత్తం ఛార్జీ కట్టకుండా టికెట్ పుట్టదన్నది నిజమే, అది ఆయన జేబులోంచే ముందు పోతుందన్నదీ నిజమే. కానీ పెద్ద సంస్థల టికెట్ విషయంలో ఆయన నష్టభయం ఆ రోజు అర్ధరాత్రి దాకా దాదాపు లేనట్టే. కొనేవాడు ఎదురుగా కూర్చుని, ఫోనులో బాకీ మొత్తం సిద్ధంగా చూపిస్తున్నప్పుడు టికెట్ తీసి, నంబరు చూపించి, ఆ తర్వాత డబ్బు తీసుకోవడంలో ఆయన కోల్పోయేది పెద్దగా ఏమీ లేదు. ఐదు నిమిషాల్లో డబ్బు రాకపోతే వాయిడ్ చేసుకోవచ్చు. కొనేవాడు ముందే మొత్తం కట్టి ఇంటికి వెళ్లిపోతే మాత్రం ఆ కొనేవాడి దగ్గర అలాంటి తాళం చెవి ఏదీ ఉండదు. నష్టభయం ఎవరికి తక్కువో వారే మొదటి అడుగు వేయాలని అడగడం అవమానించడం కాదు. పరిచయస్తుడైన ఏజెంటును ఇలా అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటమే మా బావకు 26,500 రూపాయలైంది.

ఏజెంటు ఎవరన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఆయనకు విమాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన ఐఏటీఏ గుర్తింపు ఉందో లేదో చూడమని కొందరు సలహా ఇస్తారు. ఐఏటీఏ తన వెబ్‌సైటులో ఏజెన్సీ కోడును సరిచూసుకునే సదుపాయం ఇస్తుంది, అది మంచిదే. కానీ నల్గొండలో గాని, మహబూబ్‌నగర్‌లో గాని, నారాయణపేట, మక్తల్ వంటి చోట్ల గాని బస్టాండు దగ్గర చిన్న షట్టరులో కూర్చునే ఏజెంటుకు ఎక్కువగా సొంత గుర్తింపు ఉండదు. ఆయన హైదరాబాదులోని పెద్ద ఏజెన్సీ పోర్టల్‌లో ఒక వాలెట్ పెట్టుకుని, అందులో డబ్బు వేసుకుంటూ టికెట్లు తీస్తాడు. టికెట్ రసీదు మీద ఆ పెద్ద ఏజెన్సీ పేరుంటే కంగారు పడనక్కరలేదు, అది మామూలు వ్యాపార పద్ధతే. చూడవలసిన బలహీనత ఆ వాలెట్‌లో ఉంది. సోమవారం ఒకరు కట్టిన డబ్బుతో బుధవారం వెళ్లే మరొకరి టికెట్ తీయడం, ఈ సోమవారపు మనిషి టికెట్‌ను వచ్చే వారం మరొకరు కట్టే డబ్బుతో తీయడం అనే తిప్పుడు వ్యాపారం మొదలైతే, ఎక్కడో ఒక చోట గొలుసు తెగుతుంది. మా బావ విషయంలో జరిగింది ఇదేనని ఆ ఏజెంటే తర్వాత ఒప్పుకున్నాడు. దొంగ కాగితం తయారుచేసి పారిపోయే మనిషి కాడు, మా వీధి పెళ్లిళ్లలో కనిపించే మనిషే. టికెట్ తీద్దామనుకుంటూనే రోజులు దాటవేశాడు, ఛార్జీ పెరిగింది, హోల్డ్ పోయింది, చెప్పడానికి ముఖం చెల్లలేదు. ఇప్పటిదాకా విడతలుగా 14,000 తిరిగి ఇచ్చాడు. అందుకే ఏజెంటు మంచితనాన్ని తూచి టికెట్ నిజానిజాలు తేల్చుకోవద్దంటాను. మంచివాడి చేతిలో కూడా టికెట్ పుట్టకుండానే గడువు దాటిపోవచ్చు.

పైన చెప్పిన పద్ధతి యథాతథంగా వర్తించని సందర్భాలు రెండున్నాయి. ఇండిగో, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వంటి చౌక ఛార్జీల సంస్థల్లో సాధారణంగా 13 అంకెల నంబరు కోసం వెతకనక్కరలేదు, అక్కడ డబ్బు కట్టిన పీఎన్‌ఆరే టికెట్. సైటులో తెరిచినప్పుడు బుకింగ్ హోల్డ్‌లో కాకుండా కన్‌ఫర్మ్ అయి ఉండాలి, కట్టవలసిన బాకీ ఏమీ చూపకూడదు. కానీ వీటిలో ఆ అర్ధరాత్రి వాయిడ్ వెసులుబాటు మీద ఏజెంటు ఆధారపడలేడు కాబట్టి, ముందే డబ్బు అడగడంలో ఆయనకు కొంత న్యాయముందని ఒప్పుకోవాలి. ఎదురుగా కూర్చుని, ఆయన పోర్టల్‌లో చివరి మీట నొక్కే క్షణంలో చెల్లించడం ఇద్దరికీ సరిపోతుంది. రెండోది గ్రూప్ సీట్లు. పెద్ద ఏజెన్సీలు గల్ఫ్ విమానాల్లో సీట్లను గుత్తగా కొనిపెట్టుకుని సిరీస్ ఫేర్ పేరుతో కొంత తక్కువ ధరకు అమ్ముతాయి. వీటిలో ప్రయాణికుల పేర్లు ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు గాని ఎక్కించరు, అప్పటిదాకా మన పేరు మీద సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు. ఇలాంటి టికెట్ అసలుదే కావచ్చు. కాని సరిచూసుకునే వీలు లేని వస్తువుకు మొత్తం డబ్బు ముందే ఎందుకు కట్టాలి? కొంత అడ్వాన్సు ఇచ్చి, పేరు ఎక్కే తేదీని రసీదు మీద రాయించుకుని, మిగిలినది ఆ రోజు ఇస్తాననడం సబబు. ఏజెంటు ఒప్పుకోకపోతే, డ్యూటీలో చేరే తేదీ గట్టిగా ఉన్నవారు నాలుగు వందలు ఎక్కువైనా మామూలు టికెట్ తీసుకోవడమే మేలు.

ఇంకొక పరిమితి చెప్పకుండా ఉండలేను. టికెట్ నంబరు ఉండి, స్టేటస్ OPEN అని వచ్చి, మరునాడూ అలాగే ఉండి, వారం తర్వాత విమాన సంస్థే రద్దు చేసే టికెట్లు కొన్ని ఉన్నాయి. అవి ఎవరిదో దొంగిలించిన కార్డుతో కొన్నవి. కార్డు యజమాని ఫిర్యాదు చేసినప్పుడు బయటపడతాయి. పైన చెప్పిన ఏ పరిశీలనా వీటిని పట్టుకోలేదు, ధర ఒక్కటే పట్టుకుంటుంది. అదే రోజు, అదే విమానానికి విమాన సంస్థ సైటులో ఉన్న ధరను ముందు చూసుకోవాలి. ఏజెంటు చెప్పేది దానికన్నా కొన్ని వందలో, వెయ్యి రెండు వేలో తక్కువైతే దానికి వ్యాపార కారణాలుంటాయి. సగం ధరకు ఇస్తానని, నగదు మాత్రమే కావాలని అంటే మాత్రం ఆ టికెట్ ముట్టుకోకూడదు.

పోయిన డిసెంబరులో మా చిన్నమ్మ కొడుకు దుబాయికి తిరిగి వెళ్లవలసి వచ్చినప్పుడు ఇదంతా ఆచరణలో పెట్టి చూశాం. నల్గొండలోనే వేరొక ఏజెంటు దగ్గర మంగళవారం నాడు ఎమిరేట్స్ విమానంలో సీటు హోల్డ్ చేయించి 3,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చాడు. ఏజెంటు చెప్పిన ధర 23,400, అదే విమానానికి సంస్థ సైటులో ఆ పూట చూపించినది 24,100. తేడా నమ్మదగినదిగానే ఉంది. రసీదు మీద విమానం, తేదీ, పీఎన్‌ఆర్, ఇచ్చిన మొత్తం, రావలసిన బాకీతోపాటు హోల్డ్ గడువు గురువారం సాయంత్రమని కూడా రాయించాం. ఈ చివరిది చాలామంది అడగరు. గడువు తెలిస్తేనే బాకీ ఎప్పటిలోగా కట్టాలో మనకు తెలుస్తుంది, "ఇయ్యాల కాకపోతే సీటు పోతది" అన్న తొందర నిజమైనదో కాదో కూడా తెలుస్తుంది.

ఆ రాత్రి ఇంట్లో పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొడితే బుకింగ్ తెరుచుకోలేదు. తమ్ముడు భయపడ్డాడు. నేను కాగితాన్ని, పాస్‌పోర్టును పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివాను. కాగితం మీద ఇంటిపేరులో చివరి రెండక్షరాలు లేవు. కాగితం మీదున్నట్టే కొడితే బుకింగ్ తెరుచుకుంది. టికెట్ తీయకముందు ఇది బయటపడటం మా అదృష్టమనే చెప్పాలి, ఎందుకంటే హోల్డ్‌లో ఉన్నప్పుడు పేరు దిద్దడమంటే కొత్త బుకింగ్ ఒకటి వేసుకోవడమే, ఖర్చు లేదు. టికెట్ పుట్టిన తర్వాత అదే పనికి విమాన సంస్థ అనుమతి, రుసుము, కొన్నిసార్లు కొత్త టికెట్ ధర కూడా అవసరమవుతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవారిని అనుమతించడం లేదని విమాన సంస్థలు ఏజెంట్లకు తెలిపాయి. అలాంటివారికి టికెట్ అసలుదైనా ప్రయాణం సాగకపోవచ్చు.

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఇద్దరం ఏజెంటు దగ్గరికి వెళ్లాం. "అన్నా, పేరు సరిచేసి కొత్త పీఎన్‌ఆర్ వేయండి, ఫోన్ నంబరు, ఈమెయిలు తమ్ముడివి పెట్టండి. టికెట్ నంబరు రాగానే బాకీ మొత్తం ఫోన్‌పే చేస్తాం" అని చెప్పాను. ఆయన మొదట ముందు కట్టమనే అన్నాడు. ఎమిరేట్స్ టికెట్ కదా, మేం కట్టకపోతే ఇయ్యాలే వాయిడ్ చేసుకోవచ్చు కదా అన్నాక నా వైపు ఒకసారి చూసి నవ్వి, "మీకు తెలిసినంక ఇంకేంది సార్" అంటూ పోర్టల్ తెరిచాడు. పేరు దిద్దిన బుకింగ్ వేయడానికి పది నిమిషాలు, టికెట్ పుట్టడానికి నాలుగైదు నిమిషాలు పట్టాయి. 176తో మొదలయ్యే నంబరు ఆయన స్క్రీన్ మీద వచ్చింది. తమ్ముడి ఈమెయిలుకు నేరుగా విమాన సంస్థ నుంచే రసీదు వచ్చింది. ఏజెంటు ముద్రించి ఇచ్చే కాగితం కన్నా ఆ ఈమెయిలు విలువ ఎంతో ఎక్కువ. మేం అక్కడే కాల్ సెంటరుకు ఫోన్ చేసి స్టేటస్ అడిగి, OPEN అని విన్న తర్వాత 20,400 రూపాయలు ఆయన షాపు పేరు మీదున్న ఖాతాకు పంపి, రసీదు మీద టికెట్ నంబరు రాయించుకున్నాం.

ఆ రసీదు గురించి ఒక మాట. బావ దగ్గర ఉన్నది తేదీ కూడా లేని చిన్న చీటీ, డబ్బు ఇచ్చింది చేతికి. ఫోను ద్వారా పంపిన డబ్బయితే మోసం బయటపడిన గంటల్లోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేసే వీలుంటుంది. ఖాతాకు చేరిన డబ్బు, టికెట్ నంబరున్న రసీదు చేతిలో ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా, పోలీసు స్టేషన్‌కు వెళ్లినా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. మా బావకు అక్కడ చూపించడానికి ఆ కాగితం, ఆ ఏజెంటు మాట తప్ప ఏమీ లేకపోయాయి.

గురువారం ఉదయం ఏడు గంటలకు తమ్ముడు మళ్లీ కాల్ సెంటరుకు ఫోన్ చేశాడు. పీఎన్‌ఆర్ చెప్పి, పేరు చెప్పి, టికెట్ స్టేటస్ అడిగాడు. ఆ అర్ధరాత్రి దాటిపోయింది, టికెట్ OPENగానే ఉంది. ఆ తర్వాతే వాడు కంపెనీలోని తన ఫోర్‌మన్‌కు, ఆదివారం డ్యూటీకి వస్తున్నానని మెసేజ్ పెట్టాడు.